చికిత్స నుంచి వెనక్కి లెక్క: పలాస వైపు ఒక పీహెచ్‌సీలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కార్యక్రమం

శ్రీకాకుళం జిల్లాలో పలాస వైపు ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఇది. దాని పరిధిలో సుమారు 30,000 మంది జనాభా. కొంత కొబ్బరి, జీడి తోటల నేల. కొన్ని మత్స్యకార గ్రామాలు. జీడిపిక్కల పరిశ్రమల్లో రోజు కూలికి వెళ్లే ఆడవాళ్లు ఎక్కువ. ఇక్కడ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలను, ఆ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్‌ను అడ్డుకునే టీకాను కలిపి ఒక కార్యక్రమంగా రూపొందించడంలో స్త్రీ వైద్య నిపుణురాలిగా అక్కడి వైద్యాధికారికి తోడుగా పనిచేశాను. ఊరి పేరు చెప్పడం లేదు. రోగుల వివరాలు కూడా ఎవరూ గుర్తుపట్టలేనట్టు మార్చాను.

మా చేతికి మొదట వచ్చిన ప్రతిపాదన పెద్ద శిబిరం. ఒక నెలలో పరిధిలోని స్త్రీలందరికీ పరీక్షలు చేసేసి, అవసరమైన వారిని పై ఆసుపత్రికి పంపడం దాని సారాంశం. వినడానికి బాగుంటుంది, నివేదికలో అంకె కూడా పెద్దదిగా కనిపిస్తుంది. కానీ ఈ జబ్బు విషయంలో పరీక్ష ఒక్కటే ఎవరినీ కాపాడదు. పరీక్షలో దొరికిన మార్పును తొలగించినప్పుడే క్యాన్సర్ ఆగుతుంది. అందుకని ప్రణాళికను చికిత్స గది దగ్గర మొదలుపెట్టి వెనక్కి వేసుకుంటూ వచ్చాం. నెలకు ఎంతమందికి చికిత్స చేయగలం, దానికి ఎంతమందిని పరీక్షించాలి, అందుకు ఎన్ని గ్రామాలకు వెళ్లాలి, ఈ వరుసలో.

అలా వేసుకున్న లెక్క ఇది. ఇందులోని శాతాలు ప్రణాళిక కోసం పెట్టుకున్న అంచనాలే. ప్రతి చోటా అవి మారతాయి. 30,000 జనాభాలో 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలు దాదాపు 4,300 మంది. వారిలో గర్భసంచి తీయించుకున్నవారిని 500 మందిగా అనుకున్నాం. మిగిలిన 3,800 మందిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యంగా చెప్పిన 70 శాతాన్ని చేరితే 2,660 మంది. వారిలో ప్రతి వందకు ఎనిమిది మందిలో ప్రమాదకర హెచ్‌పీవీ కనిపిస్తుందనుకుంటే 213 మంది. వీరంతా ఒకే నెలలో తేలితే, వారంలో కొన్ని రోజులే స్త్రీ వైద్యులు దొరికే సామాజిక ఆరోగ్య కేంద్రం వారిని చూడలేదు. ఫలితం చేతిలో ఉండి చికిత్స లేని 213 మంది స్త్రీలు ఊళ్లలో మిగిలిపోతారు. పరీక్ష చేయకపోవడం కంటే ఇది ఎక్కువ హాని అని నా అభిప్రాయం. ఎందుకంటే తర్వాత ఎవరు వచ్చి పిలిచినా వారు నమ్మరు.

అదే పనిని అయిదేళ్లకు పంచితే లెక్క పూర్తిగా మారిపోతుంది. ఏడాదికి 530 పరీక్షలు, నెలకు 44. హెచ్‌పీవీ కనిపించేవారు నెలకు ముగ్గురో నలుగురో. నెలలో ఒక్క పూట కేటాయిస్తే ఒక డాక్టరు, ఒక నర్సు వారిని నిదానంగా చూసి చికిత్స చేసి పంపవచ్చు. ఈ జబ్బు స్వభావం కూడా ఈ నిదానాన్ని అనుమతిస్తుంది. హెచ్‌పీవీ సోకినా చాలామందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా ఏళ్ల తరబడి ఉండిపోయిన కొద్దిమందిలోనే ముఖద్వారపు కణాలు మారతాయి. ఆ మార్పు క్యాన్సర్ కావడానికి సాధారణంగా పది నుంచి ఇరవై ఏళ్లు పడుతుంది. మనకు దొరికే వ్యవధి అదే. దాన్ని ఒక నెల హడావుడిలో ఖర్చు చేయాల్సిన పని లేదు.

ఏ పరీక్ష

మన ముందు మూడు పరీక్షలు ఉన్నాయి. ముఖద్వారపు కణాలను గీకి స్లైడు మీద చూసే పాప్ స్మియర్‌ను త్వరగానే పక్కన పెట్టాం. స్లైడు తీయడం తేలికే గానీ, దాన్ని చదవడానికి సైటాలజీలో శిక్షణ పొందిన పాథాలజిస్టు, నాణ్యత సరిచూసే వ్యవస్థ, ఫలితం వెనక్కి వచ్చే దారి కావాలి. పీహెచ్‌సీ స్థాయిలో అవేవీ లేవు.

వీఐఏ విషయం అంత తేలిక కాదు. ముఖద్వారానికి వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లాన్ని పలుచగా కలిపి రాసి, ఒక నిమిషం ఆగి, కంటితో చూడటమే ఈ పరీక్ష. మారిన కణాలున్న చోట గట్టి అంచుతో తెల్లని మచ్చ తేలుతుంది. ఖర్చు చాలా తక్కువ, ఫలితం అప్పటికప్పుడే. మన దేశ కార్యక్రమం 2016 నుంచి 30 ఏళ్లు దాటిన స్త్రీలకు అయిదేళ్లకోసారి చేయాలని చెప్పింది కూడా ఈ పరీక్షనే. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ వైద్యులు శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలతో రెండేళ్లకోసారి వీఐఏ చేయించిన అధ్యయనంలో ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. ఆ ఫలితాలు 2014లో వచ్చాయి. కాబట్టి వీఐఏ పనిచేయదని నేను అనను. అయితే అక్కడ కార్యకర్తలు అదే పని మీద ఉన్నారు, వారి చూపును ఎప్పటికప్పుడు సరిచూసేవారు, ప్రతి స్త్రీకీ పరీక్ష మళ్లీ మళ్లీ జరిగింది.

మన దగ్గర ఒక ఏఎన్‌ఎం టీకాలు, గర్భిణుల పరీక్షలు, సర్వేల మధ్య నెలకు పది పన్నెండు వీఐఏలు చేస్తుంది. అంత తక్కువ చూస్తే కన్ను పదును తప్పుతుంది. వాపు వల్ల వచ్చే పలుచని తెలుపును మచ్చ అనుకోవడం, లేదా నిజమైన మచ్చ ముఖద్వారపు లోపలి వైపు ఉంటే చూడకపోవడం జరుగుతాయి. దీన్ని పసిగట్టే పద్ధతి ఒకటుంది. ప్రతి నర్సు రిజిస్టరులో ‘పాజిటివ్’ శాతం ఎంతో విడిగా లెక్కగట్టాలి. ఒకే రకం గ్రామాల్లో ఒకరికి వందలో ఒక్కటీ దొరక్క, పక్కవారికి నాలుగో వంతు మంది పాజిటివ్‌గా కనిపిస్తుంటే తేడా స్త్రీలలో లేదు, చూసే కళ్లలో ఉంది. ద్రావణాన్ని కూడా చూడాలి. 5 మిల్లీలీటర్ల గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లాన్ని 95 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ నీటిలో కలిపి, ఏ రోజుది ఆ రోజు తయారు చేసుకోవాలి. పాతబడి బలం తగ్గిన ద్రావణంతో ఎవరిలోనూ తెలుపు రాదు. కలపకుండా వాడితే కాలుతుంది.

హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్షకు మొగ్గడానికి కారణం మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లా అధ్యయనం. 2009లో వెలువడిన ఆ అధ్యయనంలో 30 నుంచి 59 ఏళ్ల స్త్రీలు 1,31,746 మందిని నాలుగు వర్గాలు చేశారు. హెచ్‌పీవీ పరీక్ష, పాప్ స్మియర్, వీఐఏ మూడు వర్గాలకు ఒక్కసారి మాత్రమే చేశారు. నాలుగో వర్గానికి మామూలు వైద్యమే. ఎనిమిదేళ్ల తర్వాత చూస్తే ముదిరిన క్యాన్సర్లు, మరణాలు దాదాపు సగానికి తగ్గింది హెచ్‌పీవీ వర్గంలో మాత్రమే. మిగతా రెండు వర్గాల్లో చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. ఒక స్త్రీని జీవితంలో ఒకటి రెండు సార్లు మాత్రమే పరీక్షించగలిగే మన పరిస్థితికి ఈ ఫలితం నేరుగా వర్తిస్తుంది. హెచ్‌పీవీ లేదని తేలిన స్త్రీకి అయిదు నుంచి పదేళ్ల వరకు మళ్లీ పరీక్ష అక్కర్లేదు. జీడి పరిశ్రమలో ఒక పూట పోతే కూలి పోయే మనిషికి అది పెద్ద వెసులుబాటు.

యంత్రం కొత్తగా కొనాల్సిన అవసరం రాలేదు. క్షయ పరీక్షలకు వాడే ట్రూనాట్ యంత్రం మీదే హెచ్‌పీవీ చిప్ కూడా నడుస్తుంది. రెండు నమూనాలు ఒకేసారి చేసే యంత్రం మీద ఒక విడతకు గంట అటూ ఇటూ. నెలకు 44 నమూనాలంటే 22 విడతలు. ఉదయం క్షయ నమూనాలు అయ్యాక మధ్యాహ్నాల్లో సర్దుకుంటాయి. క్షయ నమూనాలకే ఎప్పుడూ మొదటి వంతు అని ల్యాబ్ టెక్నీషియన్‌తో రాతపూర్వకంగా ఒప్పుకున్నాం. లేకపోతే ఒక జబ్బు పేరుతో ఇంకో జబ్బును నిర్లక్ష్యం చేసినవాళ్లమవుతాం. చిప్‌లు తెప్పించేముందు అవి హెచ్‌పీవీలో ఏయే రకాలను పడతాయో చదవాలి. అన్ని చిప్‌లూ అన్ని ప్రమాదకర రకాలనూ పట్టవు. ఈ క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి 16, 18 రకాలే కారణం కాబట్టి, అవి ఉన్నట్టు విడిగా చెప్పగలిగితే తర్వాతి నిర్ణయం సులువవుతుంది.

నమూనా ఎవరు తీస్తారు

హెచ్‌పీవీ పరీక్షకు ఉన్న గొప్ప సౌలభ్యం, స్త్రీ తన నమూనాను తానే తీసుకోవచ్చు. యోనిని తెరిచి చూసే స్పెక్యులమ్ అక్కర్లేదు, బల్ల మీద పడుకోవాల్సిన పని లేదు. మెత్తని బ్రష్‌ను యోనిలోకి తేలిగ్గా వెళ్లినంత మేర పంపి, కొన్ని సార్లు తిప్పి, గొట్టంలో పెట్టి మూత బిగిస్తే చాలు. పీసీఆర్ పద్ధతి పరీక్షల్లో ఇలా తీసిన నమూనాకూ డాక్టరు తీసిన నమూనాకూ కచ్చితత్వంలో తేడా దాదాపు ఉండదు.

ఉద్దానం వైపు ఊళ్లలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఎదురైంది. కిడ్నీ జబ్బు మూలంగా అక్కడి జనం ఎన్నో ఏళ్లుగా రక్తం ఇస్తూ ఉన్నారు. ఆశా కార్యకర్త బ్రష్ చేతిలో పెట్టగానే ఒక పెద్దావిడ అడిగింది: “పట్టుకెళ్లడం అందరూ పట్టుకెళ్తారమ్మా. ఏమి తేలిందో వచ్చి చెప్పినవాళ్లు ఎందరు?” ఆ ప్రశ్న న్యాయమైనది. అందుకని మూడు వారాల్లో ప్రతి స్త్రీకీ ఫలితం చెప్పాలని నియమం పెట్టుకున్నాం. జబ్బు లేదన్న ఫలితం కూడా చీటీ మీద రాసి, తదుపరి పరీక్ష ఏ సంవత్సరంలోనో వేసి ఇంటికి చేర్చాలి. ఆశాలకు ఇది అదనపు నడక. కానీ రెండో గ్రామంలో మమ్మల్ని నమ్మింది ఆ చీటీల వల్లే.

కిడ్నీ జబ్బుకు సంబంధించి ఇంకొక మాట. కిడ్నీ మార్పిడి అయి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్న స్త్రీలలో హెచ్‌పీవీ త్వరగా పోదు. హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలలోనూ అంతే. హెచ్‌ఐవీ ఉన్నవారికి పరీక్షలు 25 ఏళ్లకే మొదలుపెట్టాలి, మూడు నుంచి అయిదేళ్లకోసారి చేయాలి. మగవాళ్లు చేపల వేటకు నెలల తరబడి గుజరాత్ తీరానికి వెళ్లే గ్రామాల్లో హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంతో ముందే మాట్లాడుకుని, వారికి పరీక్ష అక్కడే జరిగేలా చూశాం. ఊళ్లో పేరు బయటపడకుండా ఉండటానికి అదే మార్గం.

నమూనాల్లో జరిగే తప్పులు చాలావరకు చిన్నవే. గొట్టం మీద పేరు చెరిగిపోవడం, నెలసరి సమయంలో తీయడం, బ్రష్‌ను లోపలికి పంపకుండా బయటే తాకించడం. యంత్రం ప్రతి నమూనాలోనూ మనిషి కణాలున్నాయో లేదో తనంతట తాను సరిచూసుకుంటుంది. లేకపోతే ‘చెల్లదు’ అని చూపుతుంది. చెల్లని ఫలితాలను గ్రామం వారీగా రాసుకుంటే, ఏ ఆశా కార్యకర్తకు ఇంకోసారి చూపించాలో తెలుస్తుంది. పనుల రోజులూ గమనించాలి. వేసవిలో ఉదయం ఉపాధి హామీ పని, జీడి కోత. ఆ నెలల్లో సాయంత్రం ఇంటి దగ్గరే బ్రష్ ఇచ్చి తీసుకోవడం తప్ప వేరే దారి లేదు.

గర్భసంచి అనే పెద్ద అడ్డంకి

మన రాష్ట్రంలో ఇలాంటి కార్యక్రమం వేసేవారు తప్పక పట్టించుకోవాల్సిన విషయం హిస్టరెక్టమీ, అంటే గర్భసంచి తీసే ఆపరేషన్. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 8.9 శాతం మంది గర్భసంచి తీయించుకున్నట్టు తేలింది. దేశంలో అదే అత్యధికం. తెల్లబట్ట, నడుము నొప్పి, నెలసరిలో ఎక్కువ రక్తస్రావం అని వెళితే, “పిల్లలు పుట్టేశారు కదా, తీసేద్దాం” అనే మాట ఇక్కడ చాలామంది విన్నారు.

దీని ప్రభావం మా పని మీద రెండు విధాలుగా పడింది. మొదటిది లెక్కది. గర్భసంచితో పాటు ముఖద్వారాన్ని కూడా తీసేసి, అప్పటికి మార్పులేమీ లేకపోతే ఆమెకు ఈ పరీక్ష అక్కర్లేదు. అలాంటివారిని జాబితాలో ఉంచితే లక్ష్యం ఎప్పటికీ చేరినట్టు కనిపించదు. ఇంటింటి సర్వేలో ఈ ప్రశ్నను ముందే అడగాలి. రెండోది భయానిది, ఇదే బరువైనది. హెచ్‌పీవీ ఉందని తెలిసిన స్త్రీ మా తేదీ కోసం ఆగకుండా పట్టణానికి వెళితే, వైరస్ ఉన్నందుకే గర్భసంచి తీసేసే ప్రమాదం ఉంది. హెచ్‌పీవీ ఉండటం క్యాన్సర్ కాదు. క్యాన్సర్‌కు ముందు దశ మార్పు ఉన్నా, చాలామందికి ముఖద్వారపు పైపొర మీద చేసే చిన్న చికిత్స సరిపోతుంది. మరింత అనవసరమైన హిస్టరెక్టమీలకు ఈ కార్యక్రమం కారణమైతే అది చేయకపోవడమే మేలు.

ఒక కేసు దీన్ని స్పష్టంగా చూపుతుంది. ఆమెకు 38 ఏళ్లు. జీడిపిక్కలు ఒలిచే పని, ఇద్దరు పిల్లలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది. తానే తీసుకున్న నమూనాలో 16వ రకం హెచ్‌పీవీ ఉందని తేలింది. ఫలితం చెప్పడానికి వెళ్లిన ఆశా కార్యకర్తకు మేం ఇచ్చిన మాటలు కొన్నే. “వదినా, ఇది చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చిపోయే వైరస్. నీలో ఎన్నేళ్ల కిందట వచ్చిందో ఎవరూ చెప్పలేరు. అన్నయ్యను అనుమానించాల్సిన పని లేదు, నిన్ను అనుమానించాల్సిన పనీ లేదు. ఇది క్యాన్సర్ కాదు. వచ్చే గురువారం డాక్టరమ్మ మన పీహెచ్‌సీకే వస్తారు.” ఫలితాన్నీ, చికిత్స తేదీనీ ఒకే నోటితో, ఒకే సారి చెప్పాలన్నది మా నియమం. ఆ రెండింటి మధ్య ఖాళీ ఉంటే ఆ ఖాళీలోకి భయమూ, పట్టణపు సలహాలూ దూరతాయి.

అయినా మధ్యలో బంధువులు ఆమెను ఒక ప్రైవేటు వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లారు. గర్భసంచి తీయడానికి ఖర్చెంతో కూడా మాట్లాడుకున్నారు. గురువారం ఉదయం ఆమె రాకపోవడంతో ఏఎన్‌ఎం ఇంటికి వెళ్లి, భర్తతో మాట్లాడి, ఇద్దరినీ తీసుకొచ్చింది. స్పెక్యులమ్ పెట్టి ఎసిటిక్ ఆమ్లం రాసి చూస్తే ముఖద్వారపు పై పెదవి మీద గట్టి అంచుతో తెల్లని మచ్చ కనిపించింది. చికిత్స అక్కడే చేయవచ్చా అన్నది నిర్ణయించడానికి చూడాల్సినవి కొన్నే. లోపలి పొర, బయటి పొర కలిసే గీత చుట్టూతా పూర్తిగా కనిపించాలి. మచ్చ లోపలి కాలువలోకి వెళ్లకూడదు. క్యాన్సర్ అనిపించే పుండు, కండ, తాకితే రక్తం ఉండకూడదు. ప్రోబ్ ఆ ప్రాంతమంతా కప్పగలగాలి. ఆమెలో అన్నీ సరిపోయాయి.

థర్మల్ అబ్లేషన్ చేశాం. చేతిలో పట్టుకునే, బ్యాటరీతో నడిచే పరికరం అది. లోహపు కొన 100 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కుతుంది. దాన్ని ముఖద్వారం మీద 20 నుంచి 30 సెకన్లు ఆనించి, కప్పబడని చోటు మిగలకుండా ఒకదాని అంచు మీదికి ఇంకొకటి వచ్చేలా మళ్లీ ఆనిస్తారు. మత్తు ఇవ్వలేదు. నెలసరి నొప్పిలాంటి నొప్పి వచ్చిందని ఆమె చెప్పింది. కొన్ని వారాలు నీళ్లలాంటి స్రావం ఉంటుందని, నాలుగు వారాలు దూరంగా ఉండాలని భార్యాభర్తలిద్దరికీ చెప్పి పంపాం. ఆమె మర్నాడు పనికి వెళ్లింది. వెనకటి పద్ధతి, మారిన కణాలను గడ్డకట్టించి తొలగించే క్రయోథెరపీ అయితే గ్యాసు సిలిండర్ కావాలి. అది ఖాళీ అయితే నింపించడానికి విశాఖ వైపు పంపించాలి, ఆ వారం రావాల్సినవారు వెనక్కి వెళ్లాలి. మా వంటి చోట బ్యాటరీ పరికరాన్ని ఎంచుకోవడానికి అదే కారణం.

16, 18 కాక మిగతా రకాలు ఉన్నవారి విషయంలో దారి వేరు. అదే బల్ల మీద వీఐఏ చేసి, మచ్చ ఉంటే చికిత్స చేస్తాం. మచ్చ లేకపోతే చికిత్స లేకుండా పంపి, రెండేళ్లకు మళ్లీ హెచ్‌పీవీ పరీక్ష చేస్తాం. చికిత్స చేసినవారికి ఏడాదికి మళ్లీ పరీక్ష. ఈ మలి పరీక్షలను లెక్కలో వేసుకోకపోవడం చాలా ప్రణాళికల్లో కనిపించే లోపం. మా లెక్కలో ఏటా 43 మందికి హెచ్‌పీవీ తేలుతుంది. అంటే రెండో ఏడాది నుంచి ఏటా దాదాపు అన్ని చిప్‌లు అదనంగా కావాలి.

ఏటా 43 మందిలో అయిదో వంతు, అంటే ఎనిమిది తొమ్మిది మందికి అబ్లేషన్ కుదరదని అనుకున్నాం. వారికి ముఖద్వారాన్ని పెద్దదిగా చేసి చూసే కోల్పోస్కోపీ, బయాప్సీ, అవసరమైతే సన్నని తీగ లూప్‌తో కోసి తీసే చికిత్స కావాలి. దానికి శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రికి, క్యాన్సరే అయితే విశాఖలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో కేజీహెచ్‌కో వెళ్లాలి. ఏడాదికి తొమ్మిది మంది అంటే ప్రతి ఒక్కరికీ తోడుగా ఒక మనిషిని పంపగల సంఖ్య. శిబిరం పెట్టి ఒకేసారి నలభై మందిని పంపి ఉంటే ఎవరికీ తోడు పంపలేం.

అమ్మాయిల టీకా

టీకా భాగంలో మందు గురించి వాదన పెద్దగా లేదు. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల అమ్మాయిలకు ఒక డోసు చాలునని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకరించింది. ఆ నిర్ణయానికి ఆధారమైన సమాచారంలో కొంత మన దేశానిదే. 2010లో అధ్యయనం మధ్యలో ఆగిపోవడంతో ఒక్క డోసుతోనే ఉండిపోయిన అమ్మాయిలను పదేళ్ల పాటు గమనిస్తే, 16, 18 రకాలు శరీరంలో తిష్ఠ వేయకుండా ఆ ఒక్క డోసే దాదాపు 95 శాతం కాపాడిందని తేలింది. హెచ్‌ఐవీ ఉన్న అమ్మాయిలకు మాత్రం కనీసం రెండు, వీలైతే మూడు డోసులు.

ఆ అధ్యయనం ఆగిపోవడానికి కారణమైన సంఘటనలో తెలుగు నేల ఉంది. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలోనూ, గుజరాత్‌లోని వడోదరలోనూ ఒక ప్రదర్శన ప్రాజెక్టుగా అమ్మాయిలకు ఈ టీకా వేశారు. కొందరు అమ్మాయిలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణల్లో తేలింది. కానీ ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సమ్మతి పత్రాల మీద సంతకాలు చేశారని బయటపడింది. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టును ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే అయినా, తల్లిని అడగకుండా బిడ్డకు వేసినందుకు ఏళ్ల తరబడి దాన్ని ఎవరూ ముట్టుకోలేకపోయారు.

అందుకే మా ప్రణాళికలో వార్డెన్ సంతకానికి చోటు లేదు. మా పరిధిలో ఒక్కో వయసుకు సుమారు 200 మంది అమ్మాయిలు ఉంటారని అంచనా. మొదటి ఏడాది ఆరు వయసులవారికీ కలిపి 1,200 మంది, ఆ తర్వాత ఏటా 200 మంది. హాస్టల్లో ఉన్నవారి తల్లిదండ్రులు చెన్నైలోనో హైదరాబాదులోనో భవన నిర్మాణ పనుల్లో ఉంటే, వారు సంక్రాంతికి ఇంటికి వచ్చే వారానికి సమ్మతి సమావేశాలు పెట్టాం. బడి మానేసిన అమ్మాయిల పేర్లు బడి రిజిస్టరులో దొరకవు. అంగన్‌వాడీ కార్యకర్త ఇంటింటి జాబితా నుంచి వారిని వెతకాలి. తర్వాత పరీక్షకు కూడా రాకపోయే అవకాశం ఎక్కువ ఉన్నది వారికే.

తల్లులు అడిగే ప్రశ్న ఒకటే: “రేపు పిల్లకు పిల్లలు పుడతారా?” దానికి టీకా గుణగణాలతో ఉపన్యాసం అక్కర్లేదు. ఈ టీకా పిల్లలు పుట్టడానికి అడ్డు రాదు, దీనిలో బతికున్న వైరస్ లేదు, ముఖద్వారం చెడిపోకుండా ఉంటేనే రేపు గర్భసంచి నిలుస్తుంది అని పరీక్ష చేయించుకున్న తల్లులే పక్కవారికి చెప్పారు. తల్లి పరీక్షనూ కూతురి టీకానూ ఒకే ఏడాది పెట్టుకోవడంలో మాకు కనిపించిన లాభం అది.

టీకా రోజున రెండు విషయాలు పాడుచేస్తాయి. ఒకటి స్పృహ తప్పడం. ఈ వయసు అమ్మాయిల్లో సూది చూసి కళ్లు తిరగడం మామూలే, ఒకరు పడితే చూసినవారు వరుసగా పడతారు. అందుకని ఖాళీ కడుపుతో ఉన్నవారికి వేయరు. వేసే గదిలోకి ఒక్కొక్కరినే పిలిచి, కూర్చోబెట్టి వేసి, వేరే గదిలో పదిహేను నిమిషాలు కూర్చోబెడతారు. అడ్రినలిన్ ఉన్న పెట్టె పక్కనే ఉండాలి. రెండోది చలి. ఈ టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకడితే చెడిపోతుంది. ఫ్రీజరు నుంచి తీసిన ఐసు ప్యాకును నేరుగా క్యారియర్‌లో పెడితే, ఎండలో చెడిపోతుందని భయపడిన టీకా చలికే చెడిపోతుంది. ప్యాకును ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించే వరకు బయట ఉంచి, అప్పుడే సర్దాలి.

వీటన్నిటి మీదా నిఘా కోసం పెట్టుకున్నది ఒకే రిజిస్టరు. పరీక్ష చేసినవారి సంఖ్య అందులో మొదటి పేజీలో లేదు. మొదటి పేజీలో హెచ్‌పీవీ తేలిన ప్రతి స్త్రీకీ ఒక వరుస ఉంటుంది: ఫలితం వచ్చిన తేదీ, ఆమెకు చెప్పిన తేదీ, చికిత్స లేదా పై ఆసుపత్రికి చేరిన తేదీ, మలి పరీక్ష తేదీ. మలి పరీక్ష తేదీని పక్కన పెడితే, ఏ వరుసలోనైనా రెండు తేదీల మధ్య రెండు నెలలు దాటితే వైద్యాధికారి ఆ ఇంటికి మనిషిని పంపాలి. అలాంటి వరుసలు మూడుకు మించితే కొత్త గ్రామంలో నమూనాలు తీయడం ఆపి, ముందు వాటిని తీర్చాలి.

తీరని సమస్య 50 దాటిన స్త్రీలది. వారిలో కణాలు కలిసే గీత ముఖద్వారపు కాలువ లోపలికి జరిగిపోతుంది, వీఐఏకు కనబడదు, అబ్లేషన్‌కు అందదు. నమూనా తీసుకుని హెచ్‌పీవీ చూడవచ్చు గానీ, తేలితే దాదాపు అందరూ శ్రీకాకుళానికి వెళ్లాల్సిందే. వారి చేరికను రెండో విడతకు వాయిదా వేశాం. అయితే నెలసరి ఆగిపోయాక రక్తం కనిపించిందని చెప్పిన స్త్రీ ఎవరైనా సరే, ఆమె వయసు ఎంతైనా, ఏ జాబితాలో ఉన్నా లేకున్నా, ఆ వారమే వైద్యుడు చూడాలని ఆశాలకు చెప్పాం. అది స్క్రీనింగ్ పరిధిలోనిది కాదు, జబ్బు లక్షణం.